ఇంట్లో యోగా, ధ్యానం చేసేటప్పుడు పెట్టుకోడానికి మాటలు అడ్డం రాని నెమ్మది పాటలు

చైత్ర_క
పొద్దున్నే ఇంట్లో ఓ నలభై నిమిషాలు చేస్తాను. ముందు ఆసనాలు, తర్వాత ప్రాణాయామం, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం, చివర్లో శవాసనం. ఏమీ పెట్టకపోతే బయటి హారన్లు, పక్కగది మాటలు అన్నీ చెవిలో పడతాయి. ఏదైనా పెడితే అదే పెద్ద అడ్డంకి అయి కూర్చుంటోంది.

నా బాధ ఏమిటంటే, పాటలో మాటలు అర్థమయ్యేవైతే మనసు వాటి వెంట పోతుంది. "విరహం" అనో "కన్నీరు" అనో ఒక్క ముక్క వినపడితే చాలు, ఎవరో గుర్తొస్తారు, ఊపిరి లెక్క తప్పుతుంది. పోనీ మాటల్లేనివి వెతికితే, మొదట హాయిగానే ఉంటుంది, పది నిమిషాలకి డ్రమ్స్ మొదలవుతాయి. "ధ్యానం" అని పేరు పెట్టినవాటిలో సగం ఇంతే. నిన్న శవాసనంలో ఉండగా ఉన్నట్టుండి గంట మోగింది, గుండె జారిపోయింది.

మీరు నిజంగా వాడుతున్నవి చెప్పండి. పేర్లే కాదు, ఎలా ఎంచుకుంటున్నారో కూడా.

గాలిపటం
సూర్యనమస్కారాలకైతే కాస్త ఊపున్నవే బావుంటాయండీ. నేను నిమిషానికి నూట ఇరవై దెబ్బలున్నవి పెట్టుకుంటా, ఒళ్ళు దానంతటదే కదులుతుంది.

పద్మాసని
గాలిపటం గారూ, ఆవిడ అడిగింది నెమ్మదివి. మీరు చెప్పేది చెమట పట్టించే బాపతు.

గాలిపటం
సరే సరే, శీర్షిక సగమే చదివా. ఉంటాను, నాకూ శవాసనానికి ఏదో ఒకటి కావాలి.

లలిత_పి
మాటలున్నా పరవాలేదు, అవి భక్తి మాటలైతే. నేను ఎప్పటినుంచో స్తోత్రాలు, నామావళులు పెట్టుకునే చేస్తున్నాను. నాకెప్పుడూ మనసు చెదరలేదు. మనసు ఎక్కడికో పోవడానికి మాటల్ని తప్పుపడితే ఎలా?

చైత్ర_క
లలిత గారూ, మీకు అవి నోటికి వచ్చేసి ఉంటాయి కదా. నాకు సగం సగం వచ్చు. తర్వాతి మాట ఏమిటా అని ఎదురుచూస్తూ ఉండిపోతాను.

ప్రకంపన432
మీరు వెతకాల్సింది 432 హెర్ట్జ్‌కి శ్రుతి చేసిన సంగీతం. మామూలు పాటలన్నీ 440లో ఉంటాయి, అది నరాలకి మంచిది కాదు. 432 ప్రకృతి శ్రుతి. వెతికి చూడండి, గంటల కొద్దీ దొరుకుతాయి. వాటిలో మాటలు ఉండవు, దరువు కూడా ఉండదు. నాకు బాగా పనిచేసింది.

శ్రుతిపెట్టె
నేను వీణ వాయిస్తాను, చాలాకాలంగా నేర్పుతున్నాను కూడా. చైత్ర గారి ప్రశ్నకి నాకు తోచింది కాస్త వివరంగా చెప్తాను.

మీకు కావలసింది పాట కాదు, ఆలాపన. కర్ణాటక కచేరీలో కీర్తనకి ముందు రాగాన్ని విస్తరిస్తారు కదా, ఆ భాగం. అందులో సాహిత్యం ఉండదు. గాయకులైతే "త, ద, రి, న" లాంటి అక్షరాలు వాడతారు, వాటికి అర్థం లేదు కాబట్టి మనసుకి పట్టుకోడానికి ఏమీ దొరకదు. తాళం కూడా ఉండదు, మృదంగం ఊరుకుంటుంది. దరువు లేదు గనక మీ ఊపిరి దాని వెంట పరిగెత్తక్కర్లేదు. మీరు పడుతున్న రెండు ఇబ్బందులకీ ఇది సరిపోతుంది.

అయితే ఆలాపన మొత్తం నెమ్మదిగా ఉండదు. ఇది తెలియక చాలామంది నిరాశపడతారు. మొదట షడ్జం చుట్టూ, మంద్రస్థాయిలో నింపాదిగా తిరుగుతుంది. తర్వాత మధ్యస్థాయి, ఆపైన తారస్థాయికి ఎక్కి అక్కడ బిర్కాలు, వేగమైన సంచారాలు వస్తాయి. చివర్లో మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ తర్వాత వయొలిన్ వాళ్ళు తమ వంతు వాయిస్తారు. పదిహేను నిమిషాల ఆలాపనలో మీకు పనికొచ్చేది మొదటి మూడోవంతు. అంతవరకే కత్తిరించుకోండి.

ఇంకొకటి. "విలంబకాల కీర్తన" అని నమ్మి ముత్తుస్వామి దీక్షితుల కృతులు పెట్టుకునేవాళ్ళున్నారు. నాకు ప్రాణం ఆ కృతులంటే. కానీ వాటిలో చాలావాటికి చివర మధ్యమకాల సాహిత్యం ఉంటుంది. అప్పటిదాకా ఏనుగు నడకలా సాగి, ఉన్నట్టుండి మాటలు రెట్టింపు వేగంతో వస్తాయి. కచేరీలో ఆ మలుపు కోసమే ఎదురుచూస్తాం. శవాసనంలో మాత్రం అది మీకు నిన్నటి గంటే.

మౌని
అసలు సంగీతం ఎందుకు? ధ్యానం అంటే చప్పుడుతో సహా అన్నీ గమనించడం. హారన్ వినపడితే వినపడనివ్వండి.

పద్మాసని
మౌని గారూ, మాట మంచిదే. ఇరవై ఏళ్ళు కూర్చున్నవాళ్ళకి. కొత్తవాళ్ళు హారన్‌ని గమనించరు, తిట్టుకుంటారు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి మొదట్లో ఒక సన్నని శబ్దం ఆసరాగా ఇస్తాను, తర్వాత మెల్లగా తీసేస్తాను.

రెండోజాము
నా సంగతి వేరు. నాకు చెవుల్లో ఎప్పుడూ సన్నగా ఈల వేసినట్టు హోరు ఉంటుంది. పూర్తి నిశ్శబ్దంలో కూర్చుంటే ఆ ఈల తప్ప ఇంకేమీ వినపడదు. కాబట్టి మౌని గారి సలహా నాకు కుదరదు. నెమ్మది సంగీతం కూడా అన్నీ కుదరవు. పియానోలో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ వస్తుంది చూడండి, ఆ ఖాళీలో నా ఈల మళ్ళీ పైకొస్తుంది. నాకు ఖాళీ లేని శబ్దం కావాలి. ఏమైనా తెలుసా ఎవరికైనా?

శ్రుతిపెట్టె
రెండోజాము గారూ, తంబుర ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు తీగలు, పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, ఒకదాని నాదం తగ్గేలోపు ఇంకొకటి అందుకుంటుంది. మధ్యలో ఖాళీ ఉండదు. జీవాళి సరిగ్గా పడిన తంబురలో పై స్వరాలు తేనెటీగల్లా ఝుమ్మంటూ వినిపిస్తాయి, మీ ఈల కాస్త వాటిలో కలిసిపోవచ్చు. శబ్దం మాత్రం తగ్గించే ఉంచండి. ఈలని పూర్తిగా ముంచెయ్యాలని పెంచితే చెవికి ఇంకా చేటు.

రెండోజాము
ఫోనులో తంబుర యాప్ ఉంది. రాత్రి చూస్తాను.

ప్రకంపన432
నా మాటకి ఎవరూ జవాబివ్వలేదు. శ్రుతిపెట్టె గారూ, మీరు సంగీతం తెలిసినవారు, మీరే చెప్పండి.

శ్రుతిపెట్టె
చెప్తాను. 440కీ 432కీ ఉన్న తేడా అర్ధస్వరంలో మూడోవంతు. రెండూ ఒకదాని వెనక ఒకటి వింటే కాస్త దిగినట్టు తెలుస్తుంది, విడిగా వింటే చాలామంది పోల్చుకోలేరు. పైగా మన సంగీతంలో 440 అనే కట్టుబాటే లేదు. గాయకుడు తన గొంతుని బట్టి ఒకటిన్నర అంటాడు, గాయని ఐదున్నర అంటుంది, ఆ రోజు గొంతు బరువుగా ఉంటే ఇంకాస్త దించుతారు. నరాలకి చేటు చేసేది ఆ ఎనిమిది హెర్ట్జ్‌లే అయితే మనం కచేరీల్లో ఎప్పుడో పడిపోయుండాలి.

మీకు అవి పనిచేశాయన్నది నేను కాదనను. మీరే చెప్పారు, వాటిలో మాటల్లేవు, దరువు లేదు, గంటల తరబడి ఒకే తీరు. ఆ గుణాలున్నవి 440లో పెట్టినా పనిచేస్తాయని నా నమ్మకం.

ప్రకంపన432
ఒప్పుకోను, కానీ ఆలోచిస్తాను. రెండు చెవుల్లో రెండు వేర్వేరు శబ్దాలు వినిపించేవి ఉంటాయి కదా, బైనారల్ బీట్స్, అవైనా మంచివేనా?

కీబోర్డురాజు
వాటికి హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి విడివిడిగా వెళ్ళాలి. స్పీకర్లో పెడితే రెండూ గాల్లోనే కలిసిపోయి మామూలు ఊగిసలాటే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్లతో పడుకుని శవాసనం అంటే మెడ కింద వైరు, చెవుల మీద ఒత్తిడి. నేను ఒకసారి చూసి వదిలేశా.

చైత్ర_క
శ్రుతిపెట్టె గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. ఏ రాగం తీసుకోవాలి? అన్నీ ఒకటేనా?

శ్రుతిపెట్టె
అన్నీ ఒకటి కాదు. అఠాణా, కదనకుతూహలం లాంటివి వద్దు, వాటి స్వభావమే ఉరకడం. సహన, ఆనందభైరవి, యదుకులకాంభోజి నింపాదిగా వంగే రాగాలు, ఆసనాలకీ శవాసనానికీ బావుంటాయి. నీలాంబరి జోలపాటల రాగమని పేరు, శవాసనానికి పెట్టుకోవచ్చు గానీ కూర్చున్నప్పుడు వద్దు, తల వాలిపోతుంది. రేవతి వేదపఠనం ధోరణికి దగ్గరగా ఉంటుంది, కూర్చోడానికి నాకు అదే ఇష్టం.

ఇవన్నీ నా చెవికి. చిన్నప్పుడు ఆనందభైరవిలో విన్న పాట ఏదైనా మీకు దుఃఖంతో ముడిపడి ఉంటే, ఆ రాగం ఎంత నెమ్మదిగా వాయించినా మీకు పనికిరాదు. మాటల్లేకపోయినా రాగం ఆ పాటని గుర్తుచేస్తుంది.

సాయంత్రపు_ఎండ
ఈ చివరి మాట చాలా నిజం. నాన్న పోయాక, ఆయన ఈలగా వేసే ఒక బాణీ వేణువు మీద ఎవరో వాయించారు. మాటలు లేవు, నెమ్మదే, మధురమే. నేను ఆసనం మధ్యలో కూలబడి ఏడ్చాను. అప్పటినుంచి తెలిసిన పాటల వాయిద్యరూపాలు పెట్టడం మానేశాను. సినిమా పాటల్ని వీణ మీద, వేణువు మీద వాయించినవి "ప్రశాంత సంగీతం" అని దొరుకుతాయి కదా, అవి నాకు మాటలున్న పాటలకంటే కష్టం. మాటలు తీసేశారు గానీ, నా బుర్ర వాటిని తిరిగి పాడేస్తుంది.

చైత్ర_క
అయ్యో. మీరు చెప్పాక అర్థమవుతోంది, నాకూ అలాంటి వాయిద్యం పాటలతోనే ఎక్కువ ఇబ్బంది. లోపల పల్లవి మొదలైపోతుంది.

పాతరేడియో
హిందుస్తానీ కూడా చూడండి. ధ్రుపద్ ఆలాప్ అంత నెమ్మది ఇంకెక్కడా దొరకదు. రుద్రవీణ మీద జియా మొహియుద్దీన్ డాగర్ (1929–1990) ఆలాప్ రికార్డింగులు నా దగ్గరున్నాయి. ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారడానికే ఎంతో సమయం తీసుకుంటాడు. మీరు లోపలికి ఊపిరి పీల్చి వదిలేసరికి ఇంకా అదే స్వరంలో ఉంటాడు.

సితార్ అయితే జాగ్రత్త. ఆలాప్ తర్వాత జోడ్, ఆ తర్వాత ఝాలా. జోడ్‌లో లయ మొదలవుతుంది, ఝాలాలో చికారీ తీగలు వాన కురిసినట్టు కొడతారు. మీరు జోడ్ దగ్గరే ఆపేయాలి. వేణువులో కూడా తబలా చేరేదాకానే.

గాలిపటం
ఝాలా నాకివ్వండి, సూర్యనమస్కారాలకి!

పద్మాసని
గాలిపటం గారికి పంపకం అయిపోయింది :)

పాశ్చాత్యంలోనివి కొన్ని నేను వాడతాను. ఎరిక్ సాటీ 1888లో రాసిన జిమ్నోపెడీలు మూడు, పియానో, ఒక్కొక్కటీ మూడు నాలుగు నిమిషాలే, కాబట్టి చిన్న సాగదీతలకి బావుంటాయి. ఆర్వో పార్ట్ 1978లో రాసిన 'ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్' వయొలిన్, పియానో, అంతా ఒకే సన్నని గీత మీద నడుస్తుంది, ఎక్కడా పైకి లేవదు. బ్రయాన్ ఈనో తెచ్చిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో మొదటి భాగం పదిహేడు నిమిషాలు. దాన్ని వేర్వేరు పొడవుల టేపు ముక్కల్ని తిప్పుతూ చేశారు, అవి ఎప్పుడూ ఒకేలా కలవవు. అందుకే తర్వాత ఏం వస్తుందో మనసు ఊహించలేదు, ఊహించడం మానేస్తుంది. రెండో భాగంలో గొంతులుంటాయి గానీ మాటలుండవు.

కానీ పేర్ల కంటే ముఖ్యం ఊపిరి. సంగీతం మీ ఊపిరి కంటే నెమ్మదిగా ఉన్నా కష్టమే. కొత్తవాళ్ళు ఊపిరిని బలవంతంగా దానికి సరిపెట్టబోతారు. దవడ బిగుసుకోవడం, భుజాలు చెవుల దగ్గరికి లేవడం, మధ్యలో ఒక పెద్ద నిట్టూర్పు రావడం, ఇవి కనిపిస్తే ఆ సంగీతం మీకు కాదు.

లెక్కలమాస్టారు
ఊపిరి లెక్క నేను వేశాను. నిమిషానికి అరవై దెబ్బలున్న సంగీతమైతే ఒక దెబ్బ ఒక సెకను. నాలుగు దెబ్బలు పీల్చి ఆరు వదిలితే పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. అందువల్ల అందరూ అరవై దెబ్బలవే పెట్టుకోవాలి.

పద్మాసని
లెక్క సరిగ్గానే ఉంది మాస్టారూ, "అందరూ" దగ్గర ఆగండి. మామూలుగా పెద్దవాళ్ళ ఊపిరి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటుంది. అంతనుంచి ఒకేసారి ఆరుకి దిగమంటే గాలి చాలనట్టు అనిపిస్తుంది, కొందరికి తల తిరుగుతుంది. మూడు పీల్చి మూడు వదలడంతో మొదలుపెట్టి, సుఖంగా ఉంటే వదిలేది నాలుగు చెయ్యాలి. దరువు లేని సంగీతమైతే ఈ గొడవే లేదు, ఎవరి లెక్క వాళ్ళది.

లలిత_పి
నా మాట కొట్టిపారేశారు గానీ ఆరు ఊపిరుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. జపంతో అదే వస్తుంది. మీరు పరికరాలు పెట్టి వెతికేది మాకు జపమాలతోనే కుదురుతోంది.

శ్రుతిపెట్టె
కొట్టిపారెయ్యలేదండీ. మీ మాటకి ఆధారం కూడా ఉంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. లాటిన్‌లో రోజరీ ప్రార్థన చెప్పినా, 'ఓం మణి పద్మే' మంత్రం చెప్పినా ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకి దిగిందని చూపించారు. కానీ వాళ్ళు స్వయంగా పలికారు. పలికేటప్పుడు ఊపిరి వదులుతూనే పలకాలి, అందుకే అది పొడుగవుతుంది. ఎవరో పలికింది వింటూ కూర్చుంటే అది జరగాలని లేదు. మీరు వాటితో పాటు లోపల పలుకుతారు కాబట్టి మీకు మాటలు అడ్డం రావు. చైత్ర గారు వింటున్నారు, కాబట్టి వస్తాయి. ఇద్దరిదీ నిజమే.

లలిత_పి
ఇది బావుంది. అయితే చైత్ర గారు కూడా ఒకే ఒక్క నామం పట్టుకుని చూడొచ్చు. సగం సగం వచ్చే స్తోత్రం కంటే నయం.

చైత్ర_క
చూస్తాను లలిత గారూ. ముందు ఆలాపన సంగతి తేల్చుకుంటా. కత్తిరించడం ఎలా? నాకు అట్టే తెలియదు.

కీబోర్డురాజు
ఇది నాకొచ్చిన పని. ముందు కొన్న లేదా దించుకోడానికి అనుమతి ఉన్న ఫైలు మీ దగ్గర ఉండాలి. నెట్‌లోంచి నేరుగా వాయిస్తే మధ్యలో ప్రకటన వస్తుంది, అయిపోగానే ఇంకేదో దానంతటదే మొదలవుతుంది.

ఆడాసిటీలో ఫైలు తెరవండి. శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. సన్నగా సాగుతున్నంతసేపు మీది, ఎక్కడ ఒక్కసారిగా లావెక్కుతుందో అక్కడ ప్రమాదం. ఆ ముందే ఆపి, చివరి నిమిషం మెల్లగా తగ్గేలా ఫేడ్ అవుట్ పెట్టండి. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళకి ffmpeg ఒక్క వరసలో చేస్తుంది. ఇది మొదటి ఆరు నిమిషాలు తీసుకుని, పది సెకన్లలో మెల్లగా మొదలై, చివరి అరవై సెకన్లలో తగ్గిపోతుంది:

```
ffmpeg -i alapana.mp3 -t 360 -af "loudnorm=I=-22:TP=-3:LRA=6,afade=t=in:d=10,afade=t=out:st=300:d=60" -ar 44100 dhyanam.mp3
```

`loudnorm` దగ్గరున్న అంకెలు శబ్దాన్ని మొత్తంగా కాస్త తగ్గించి, పెద్దకీ చిన్నకీ మధ్య తేడాని కుదిస్తాయి.

శ్రుతిపెట్టె
ఆ `LRA` మరీ తగ్గించకండి రాజు గారూ. గమకంలో నాదం పెరిగి తగ్గడమే రాగానికి ప్రాణం. అంతా ఒకే మట్టంలోకి తెస్తే లిఫ్టులో వినిపించే సంగీతం అవుతుంది.

కీబోర్డురాజు
సరే, పది దాకా పెంచుకోండి. వీణకి పది, సింథసైజర్‌కి ఆరు. ఎక్కడా ఉలిక్కిపడకపోతే అదే సరైన అంకె.

పద్మాసని
కత్తిరించే ముందు ఒక పని చెయ్యండి. సాధనలో మొదటిసారి వినకండి. బట్టలు మడతపెడుతూనో, గది సర్దుతూనో మొత్తం వినండి. చెయ్యి ఎక్కడ ఆగిందో, తల ఎక్కడ తిరిగిందో ఆ నిమిషం రాసుకోండి. బొమ్మలో కనిపించనివి అక్కడ దొరుకుతాయి, గాయకుడి దగ్గు, సభలో చప్పట్లు, "భేష్" అని ఎవరో అనడం. కచేరీ రికార్డింగుల్లో ఈ భేష్‌లు చాలా ఉంటాయి.

శబ్దం ఎంత పెట్టాలంటే, ఉజ్జాయి చేస్తే మీ ఊపిరి చప్పుడు మీకు సంగీతం కంటే స్పష్టంగా వినపడాలి. వినపడకపోతే తగ్గించండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. బ్లూటూత్ స్పీకర్‌కి ఛార్జింగ్ ఉందో లేదో చూడండి, శవాసనంలో "బ్యాటరీ లో" అని ఇంగ్లీషులో అరుస్తుంది.

గాలిపటం
మా ఇంట్లో అదే అరిచింది. అందరం లేచి కూర్చున్నాం.

మౌని
మళ్ళీ నా మాటే చెప్తాను, కొంచెం మార్చి. మొత్తం నిశ్శబ్దం వద్దంటే సరే. కానీ సంగీతం ఆగాక వెంటనే లేవకండి. ఆగిన తర్వాత వచ్చే నిశ్శబ్దమే నాకు అసలు ధ్యానం. సంగీతం లేకుండా కూర్చున్నప్పటి నిశ్శబ్దం కంటే అది లోతుగా ఉంటుంది.

శ్రుతిపెట్టె
మౌని గారూ, దీనికీ ఒక పరిశోధన తోడుంది. ఇందాక చెప్పిన బృందమే 2006లో హార్ట్ అనే పత్రికలో రాసింది. రకరకాల సంగీతం వినిపించి మధ్యలో రెండు నిమిషాలు ఆపారు. వేగం పెరిగితే ఊపిరి, రక్తపోటు, గుండె వేగం పెరిగాయి, అది ఊహించిందే. ఆపినప్పుడు మాత్రం అవి సంగీతం మొదలుకాకముందు ఉన్న స్థాయి కంటే కిందికి దిగాయి. విన్నవాళ్ళు కొద్దిమందే, కాబట్టి దాన్ని శాసనం చెయ్యను. కానీ ఫైలు చివర రెండు మూడు నిమిషాలు ఖాళీ వదలడానికి అది చాలు నాకు.

రెండోజాము
తంబుర పెట్టి కూర్చున్నాను. మొదట ఐదున్నర శ్రుతిలో పెడితే ఈల పోటీకి వచ్చింది. ఒకటిన్నరకి దించితే, మంద్రం మోగినప్పుడల్లా ఒళ్ళంతా నిండినట్టు ఉంది. ఈల పోలేదు, కానీ దాని మీదికి ధ్యాస పోవడం తగ్గింది. చివర ఖాళీ మాత్రం నాకు వద్దు, అక్కడ ఈల ఒక్కటే మిగులుతుంది. నేను తంబుర ఆపకుండానే లేస్తాను.

చైత్ర_క
చేసి చూసి వచ్చాను, అందుకే ఆలస్యం.

నా దగ్గర వీణ మీద సహన ఆలాపన ఒకటి ఉంది, పద్దెనిమిది నిమిషాలు. పద్మాసని గారు చెప్పినట్టు గది సర్దుతూ విన్నాను. మొదటి ఆరున్నర నిమిషాలు ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఏడో నిమిషంలో పైస్థాయికి ఎక్కింది, అక్కడే తల తిరిగింది. పన్నెండు దగ్గర తీగ మీద గోరు గట్టిగా పడిన చప్పుడు. కాబట్టి ఆరు నిమిషాలకే కత్తిరించాను.

ఆరు నిమిషాలు శవాసనానికి సరిపోయాయి, ఆ తర్వాత రెండు నిమిషాలు ఖాళీ. ఆసనాలకి వేణువు, తబలా చేరకముందు వరకూ. ప్రాణాయామానికి ఉత్త తంబుర, ఎందుకంటే నాడీశోధనలో నేను లెక్కపెట్టుకోవాలి, రాగం ఉంటే లెక్క పోతుంది. ఇక్కడిదాకా చాలా బావుంది. శవాసనంలో ఇంతకుముందు అరచేతులు బిగబట్టి ఉండేవి, ఇప్పుడు వాటంతటవే తెరుచుకుంటున్నాయి.

కూర్చునేటప్పుడే తేలలేదు. రేవతి పెడితే వినడంలో పడిపోతున్నాను, ఎంత అందంగా ఉందో అనుకుంటూ. అది ధ్యానం కాదు కదా, కచేరీ అయిపోతోంది.

శ్రుతిపెట్టె
అది నేర్చుకున్న చెవికి వచ్చే ఇబ్బంది, నాకూ ఉంది. మీరు ఎప్పుడైనా సంగీతం నేర్చుకున్నారా?

చైత్ర_క
చిన్నప్పుడు గీతాలు, వర్ణాల దాకా.

శ్రుతిపెట్టె
అయితే మీ చెవి స్వరాలు గుర్తుపడుతూ ఉంటుంది, ఆపమన్నా ఆపదు. కూర్చునేటప్పుడు తంబుర ఒక్కటే ఉంచండి. గుర్తుపట్టడానికి అందులో ఏమీ లేదు.

పద్మాసని
నేనైతే ఆవిడకి ఈనో మొదటి భాగం పెట్టమంటాను. పేరు పెట్టి పిలవగల రాగం అందులో ఉండదు. స్వరజ్ఞానం ఉన్నవాళ్ళకి తెలియని సంగీతమే మేలు.

శ్రుతిపెట్టె
నాకు పియానో వింటే అది ఏ మేళంలో ఉందా అని వెతుకులాట మొదలవుతుంది. ఒప్పుకోను పద్మాసని గారూ.

లలిత_పి
నామం పట్టుకోమన్నాను, చెవికి పని ఉండదు, నోటికి ఉంటుంది.

ప్రకంపన432
చైత్ర గారూ, ఆ తంబుర కాస్త కిందికి దించి చూడండి, ఎనిమిది హెర్ట్జ్ చాలు :)

చైత్ర_క
మూడూ చూస్తాను, ఒక్కోటి కొన్నాళ్ళు. కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు తంబుర.

సాయంత్రపు_ఎండ
పాతరేడియో గారూ, మీరు చెప్పిన రుద్రవీణ ఆలాప్ ఏ రాగంతో మొదలుపెట్టమంటారు? నేను ఎప్పుడూ వినని రాగమైతే మంచిది, ఏ జ్ఞాపకమూ ఉండదు.

పాతరేడియో
యమన్ వద్దు, అది మన కల్యాణికి దగ్గర, సినిమా పాటల్లో ఎక్కడో విని ఉంటారు. చంద్రకౌంస్ కూడా వద్దు, హిందోళానికి చుట్టం, ఏదో ఒక పాట తగులుతుంది. మార్వా చూడండి. షడ్జాన్ని చాలాసేపు తాకకుండా చుట్టూ తిరుగుతుంది, కొందరికి అది అశాంతిగా ఉంటుంది, మీకు ఎలా ఉంటుందో మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కుదరకపోతే చెప్పండి, ఇంకోటి వెతుకుదాం.